మాల్యాద్రి వాళ్ళ అమ్మానాన్నలకు, నిన్నటి కాగితం బదులు ఈ ఉత్తరం

10-02-2026, మంగళవారం

కొండయ్య గారికీ లక్ష్మమ్మ గారికీ నమస్కారం.

నేను మీ మాల్యాద్రి క్లాస్ టీచర్‌ని, వాడికి లెక్కలు చెప్పేదాన్ని. డిసెంబరు పేరెంట్స్ మీటింగులో మనం ముగ్గురం మాట్లాడుకున్నాం, గుర్తుండే ఉంటుంది.

నిన్న సాయంత్రం కోపంలో వాడి నోట్‌బుక్కులో నాలుగు లైన్లు రాసి, ఇంట్లో చూపించి సంతకం పెట్టించుకు రమ్మన్నాను. వాడు గేటు దాకా పోయి, అక్కడే చదువుకుని, వెనక్కి వచ్చి ఆ పుస్తకం నా టేబుల్ మీద పెట్టేశాడు. "ఇది మా అమ్మకి ఇవ్వను టీచర్, ఇందులో మా అమ్మని తిట్టారు" అన్నాడు. నేను మళ్ళీ చదివి చూసుకున్నాను. వాడు చెప్పింది నిజమే. "పెంపకం సరిగా లేదు" అని రాశాను, "ఇలాగే ఉంటే టీసీ ఇచ్చి పంపేస్తాం" అని కూడా రాశాను. మీ ఇంటి గడప నేను ఎప్పుడూ తొక్కలేదు, మీరు పిల్లల్ని ఎట్లా పెంచుతున్నారో నాకేం తెలుసు? టీసీ మాట కూడా తప్పే. ఎనిమిదో తరగతి పూర్తయ్యేదాకా ఏ పిల్లాడినీ బడి నుంచి తీసేయకూడదని 2009 విద్యా హక్కు చట్టంలోనే ఉంది. ఆ రెండు మాటలకీ నన్ను క్షమించండి, ఆ పేజీ చించేశాను.

మిగతాది మాత్రం చించేయలేను. వాడు చేసింది చేసినట్టు మీకు తెలియాలి. మెత్తగా చెప్పాలని సగం దాచిపెడితే రేపు ఇంకో పిల్లాడికి దెబ్బ తగిలాక మీకు తెలుస్తుంది, అప్పుడు మీరు నన్ను "ముందే ఎందుకు చెప్పలేదు టీచరమ్మా" అని అడుగుతారు. అందుకని నేను కళ్ళారా చూసింది వేరుగా, పిల్లలు చెప్పగా విన్నది వేరుగా రాస్తున్నాను.

చూసింది ఇది. పోయిన బుధవారం, 4వ తేదీన, మధ్యాహ్న భోజనం దగ్గర ఆరో తరగతి పిల్లాడి ప్లేటులోంచి గుడ్డు తీసుకున్నాడు. ఆ పిల్లాడు ఏడవలేదు, అడగలేదు, తల వంచుకుని ఉత్త అన్నం సాంబారు కలుపుకుని తిన్నాడు. అడగను కూడా అడగలేదంటే అది మొదటిసారి కాదని నాకు అప్పుడే అనిపించింది. నిన్న నాలుగో పీరియడ్‌లో, నత్తి ఉన్న పిల్లాడు బోర్డు దగ్గర లెక్క చెబుతుంటే మన వాడు వెనక బెంచీ నుంచి అచ్చం అట్లాగే నత్తిగా పలికి చూపించాడు. క్లాసంతా నవ్వింది. ఆ పిల్లాడు చాక్‌పీసు కింద పెట్టేసి వచ్చి కూర్చున్నాడు, ఈరోజు బడికే రాలేదు. నేను లేచి నిలబడమంటే మీ వాడు నిలబడలేదు, "ఏం చేస్తారు" అన్నాడు. జనవరి 28, 30, ఫిబ్రవరి 2, 5 తేదీల్లో అన్నం తిన్న తర్వాత క్లాసులో లేడు, హాజరు పుస్తకం చూసే రాస్తున్నాను.

విన్నది ఇది. గుడ్డు సంగతి రెండు వారాలుగా జరుగుతోందట, ఇవ్వకపోతే బయట చూసుకుంటానని బెదిరించాడట. మధ్యాహ్నాలు చెరువు కట్ట దగ్గర పెద్ద పిల్లలతో క్రికెట్ ఆడుతున్నాడట. వాడిని అడిగితే క్రికెట్ ఒప్పుకున్నాడు, బెదిరించలేదు అన్నాడు. అది తేలేదాకా నేను నిజమనీ అనను, అబద్ధమనీ అనను. ఆ చిన్న పిల్లాడి పేరు కావాలనే రాయలేదు, దయచేసి ఎవరినీ అడగొద్దు, వాళ్ళ ఇంటికి వెళ్లొద్దు.

నేను చేసిన తప్పు కూడా రాయాలి. నిన్న అందరి ముందూ "నువ్విక బాగుపడవురా" అనేశాను. పద్నాలుగేళ్ళ పిల్లాడిని అనాల్సిన మాట కాదు అది. ఈరోజు పొద్దున ఆ క్లాసులోనే, అందరి ముందే, ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

ఒక సంగతి మీకు తెలుసో లేదో. శాతాల పాఠం చెప్పేటప్పుడు పిల్లలకి అర్థం కాక పొగాకు లెక్క ఇచ్చాను, కేజీ 240 రూపాయలైతే 130 కేజీల బేలుకి ఎంత, అందులో రెండు శాతం తరుగు పోతే ఎంత అని. నేను బోర్డు మీద రాయడం పూర్తికాక ముందే వాడు 31,200 అన్నాడు, తరుగు పోతే 30,576 అని కూడా చెప్పాడు. ఎవరు నేర్పారంటే "మా నాన్నతో కొండపి వేలానికి పోతాను కదా టీచర్" అన్నాడు. ఆ పీరియడ్ అంతా పక్క బెంచీల వాళ్ళకి వాడే చెప్పాడు, ఎవరినీ వెక్కిరించలేదు, విసుక్కోలేదు. ఆ మాల్యాద్రీ ఈ మాల్యాద్రీ ఒకడే, నాకు ఇద్దరూ తెలుసు కాబట్టే ఇంత పెద్ద ఉత్తరం రాస్తున్నాను.

ఇప్పుడు బ్యారన్ల సీజను, కొండయ్య గారు రాత్రిళ్ళు మంట చూసుకుంటూ అక్కడే పడుకుంటున్నారనీ, లక్ష్మమ్మ గారు తెల్లారకముందే ఆకు పనికి వెళ్తున్నారనీ వాడే చెప్పాడు. అవ్వ దగ్గర వాడూ చెల్లీ ఉంటున్నారు, రాత్రి ఫోను వాడి చేతిలోనే ఉంటోందట, పొద్దున మొదటి పీరియడ్‌లో కళ్ళు మూతలు పడుతుంటాయి. ఇది మీ మీద నేరం మోపడానికి రాయలేదు. ఏడాది అప్పు తీరేది ఈ రెండు మూడు నెలల్లోనే అని నాకు తెలుసు. ఫోను మాత్రం రాత్రి తొమ్మిదికి అవ్వ తలగడ కిందికి పోతే చాలు.

పోయిన మీటింగులో మీరు "కళ్ళు రెండూ వదిలిపెట్టి మిగతా తోలు తీయండి టీచరమ్మా, మేమేం అనుకోం" అన్నారు. నా మీద నమ్మకంతో అన్నారని తెలుసు. కానీ నేను కొట్టను, చట్టం ఒప్పుకోదు, నాకూ ఇష్టం లేదు. మిమ్మల్నీ అదే అడుగుతున్నాను, ఈ ఉత్తరం చదివి వాడి మీద చెయ్యెత్తకండి. ఇంట్లో దెబ్బలు తింటే ఆ కోపం మర్నాడు ఆరో తరగతి పిల్లాడి మీదే తీరుతుంది.

బడిలో నేను చేసేది చెబుతాను. ఈ వారం నుంచి వాడు నా పక్కన కూర్చుని అన్నం తింటాడు. నత్తి ఉన్న పిల్లాడికి క్షమాపణ చెప్పాలి, అదీ అందరి ముందు కాదు, ఆ పిల్లాడు ఒప్పుకుంటే, నేను ఉండగా. తప్పిన నాలుగు మధ్యాహ్నాల లెక్కలు సాయంత్రం నాలుగున్నర దాకా కూర్చోబెట్టి చేయిస్తాను.

మీరు ఒకసారి రావాలి. శుక్రవారం సాయంత్రం నాలుగున్నరకి మీలో ఒక్కరు వచ్చినా చాలు, అరగంట. ఆరోజు బ్యారన్ దించే పని పడితే చెప్పి పంపండి, నా బస్సు మీ బ్యారన్ ముందు నుంచే వెళ్తుంది, నేనే దిగుతాను. కూలి పోగొట్టుకుని రావద్దు.

ఈ ఉత్తరంలో ఉన్నదంతా వాడికి చదివి వినిపించాను. ఒక్కచోట ఆపి, "ఐదో తేదీ నేను ఆటకి పోలేదు టీచర్, చెల్లికి జ్వరమని ఇంటికి పోయాను" అన్నాడు. నిజమో కాదో మీరే చెప్పండి, నిజమైతే ఆ రోజు కొట్టేసి మూడనే రాసుకుంటాను. కవరు మా ఆయమ్మ చేత పంపుతున్నాను, మోసుకొచ్చే భారం వాడి మీద పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఇట్లు,
మాల్యాద్రి లెక్కల టీచర్
8వ తరగతి, బి సెక్షన్