నగదు ప్రవాహ నివేదిక (ప్రత్యక్ష పద్ధతి)

బేగంబజార్, హైదరాబాద్‌లోని స్టీలు సామాన్ల హోల్‌సేల్ భాగస్వామ్య వ్యాపారం
31 మార్చి 2025తో ముగిసిన సంవత్సరానికి

| వివరం | రూపాయలు |
|---|---:|
| నిర్వహణ కార్యకలాపాలు | |
| నగదు అమ్మకాలు | 68,40,000 |
| అరువు ఖాతాదారుల నుంచి వసూళ్లు | 1,21,60,000 |
| సరుకు సరఫరాదారులకు చెల్లింపు | (1,52,30,000) |
| జీతాలు, హమాలీ | (11,40,000) |
| అద్దె, కరెంటు, రవాణా, ఇతర ఖర్చులు | (9,60,000) |
| ప్రభుత్వానికి కట్టిన జీఎస్టీ | (3,90,000) |
| నిర్వహణలో వచ్చిన నగదు | 12,80,000 |
| ఆదాయపు పన్ను | (2,10,000) |
| నికర నిర్వహణ నగదు | 10,70,000 |
| పెట్టుబడి కార్యకలాపాలు | |
| కొత్త ట్రాలీ ఆటో డౌన్ పేమెంట్ | (2,00,000) |
| పాత ఆటో అమ్మకం | 95,000 |
| ఏడాది ఫిక్స్‌డ్ డిపాజిట్ | (3,00,000) |
| డిపాజిట్లపై వడ్డీ | 27,000 |
| నికర పెట్టుబడి నగదు | (3,78,000) |
| ఫైనాన్సింగ్ కార్యకలాపాలు | |
| భాగస్తులు తెచ్చిన మూలధనం | 2,50,000 |
| వాహన రుణం అసలు | (84,000) |
| క్యాష్ క్రెడిట్ నికర తగ్గుదల | (1,50,000) |
| చెల్లించిన వడ్డీ | (1,66,000) |
| భాగస్తుల సొంతవాడకాలు | (7,20,000) |
| నికర ఫైనాన్సింగ్ నగదు | (8,70,000) |
| నగదులో నికర తగ్గుదల | (1,78,000) |
| ప్రారంభ నగదు, బ్యాంకు (1 ఏప్రిల్ 2024) | 7,80,000 |
| ముగింపు నగదు, బ్యాంకు | 6,02,000 |

ముగింపు నిల్వలో గల్లాపెట్టెలో ఉన్నది 97,000, కరెంటు ఖాతాలో ఉన్నది 5,05,000.

భాగస్తులకు వివరణ

అంకెలన్నీ ఏఎస్ 3 అనే అకౌంటింగ్ ప్రమాణం ప్రకారం, నగదు చిట్టా నుంచీ బ్యాంకు స్టేట్‌మెంట్ల నుంచీ తీసుకున్నవే. అమ్మకాలు, కొనుగోళ్లు జీఎస్టీతో కలిపి ఉన్నాయి. షాపులో పోగైన డబ్బు బ్యాంకులో వేసిన 52,60,000 చిట్టాలో వసూళ్ల వైపు, చెల్లింపుల వైపు రెండు చోట్లా కనిపిస్తుంది. అది ఒక జేబులోంచి ఇంకో జేబులోకి మారిన సొమ్మే కాబట్టి నివేదికలోకి తీసుకోలేదు. తరుగుదలలో నగదు కదలదు కాబట్టి దానికి ఇక్కడ చోటే లేదు.

ట్రాలీ ఆటో ధర 5,80,000. అందులో 3,80,000 బ్యాంకే నేరుగా డీలరుకు కట్టింది. ఆ సొమ్ము మన చేతికి రాలేదు, మన చేతి నుంచి పోలేదు. అందుకే మనం కట్టిన 2,00,000 మాత్రమే పెట్టుబడి కింద చూపాం. ఫిక్స్‌డ్ డిపాజిట్ మూడు నెలలు దాటినది కాబట్టి నగదు నిల్వలో కలపలేదు.

మీరు ముఖ్యంగా చూడాల్సింది వసూళ్లు. ఈ ఏడాది అరువు అమ్మకాలు 1,34,00,000 అయితే వసూలైంది 1,21,60,000. అంటే బాకీలు 12,40,000 పెరిగాయి. లాభం కాగితం మీద బాగానే కనిపిస్తున్నా క్యాష్‌కు టెన్షన్ పడుతున్నది ఇందుకే. జిల్లాల షాపులకు పెళ్లిళ్ల సీజన్‌లో ఇచ్చిన గడువును 45 రోజులకు కుదించి, పాత బాకీ కట్టనిదే కొత్త సరుకు పంపకూడదని నా అభిప్రాయం. సొంతవాడకాలు కూడా నికర నిర్వహణ నగదులో మూడింట రెండు వంతులు మించాయి. వసూళ్లు దారిలో పడేదాకా నెలకు 60,000 చొప్పున తీస్తున్నది 45,000 చేస్తే ఏడాదికి 1,80,000 మిగులుతుంది. ఈసారి తగ్గిన 1,78,000 దాంతోనే పూడుతుంది.

అకౌంటెంట్
18 ఏప్రిల్ 2025