గానుగ నూనె సీసాలు, క్యాన్లకు హోల్‌సేల్ రేటు కోరుతూ

రాప్తాడు, అనంతపురం జిల్లా
6 జూలై 2026

సేల్స్ మేనేజర్ గారికి,
ప్లాస్టిక్ సీసాల తయారీ విభాగం,
చర్లపల్లి పారిశ్రామికవాడ, హైదరాబాదు.

అయ్యా, నమస్కారం.

పోయిన వారం ఫోన్‌లో మాట్లాడినప్పుడు వివరాలన్నీ రాసి పంపమన్నారు. అందుకే ఈ ఉత్తరం. మాది రాప్తాడులో మూడు చెక్క గానుగలున్న చిన్న నూనె యూనిట్. తీసేది వేరుశనగ నూనె ఒక్కటే. రోజుకు వంద లీటర్లు దాటితే గొప్ప. ఒక్కడినే అడిగితే ఏ ఫ్యాక్టరీ అయినా చిల్లర రేటే చెబుతుందని తెలిసి, ఈసారి కళ్యాణదుర్గం, గుత్తి, తాడిపత్రిలో మాలాంటి యూనిట్లు నడుపుతున్న ముగ్గురితో కలిశాను. నలుగురికీ ఆరు నెలలకు సరిపడా సరుకు ఒకే ఆర్డరుగా ఇస్తాం.

మొత్తం కావలసినవి ఇవి: లీటరు పెట్ సీసాలు 32,000, అర లీటరు పెట్ సీసాలు 8,000, పిడి ఉన్న అయిదు లీటర్ల హెచ్‌డీపీఈ క్యాన్లు 5,600. అన్నిటికీ మూతలు, సీలు వ్యాడ్లు మీరే ఇవ్వాలి. కొత్త అచ్చు అక్కర్లేదు, మా పేరు చెక్కించాల్సిన పనీ లేదు. మీ దగ్గర ఇప్పుడు నడుస్తున్న డిజైనులో గుండ్రటిదైనా నలుచదరమైనా సరే. లేబుల్ అంటించడానికి నున్నటి చోటు మాత్రం ఉండాలి. సీసా తెల్లగా, అద్దంలా కనిపించాలి. మా దగ్గర కొనేవాళ్ళు నూనె రంగు, అడుగున మడ్డి చూసుకుని గానీ డబ్బు తీయరు.

ఇక సీసా బరువు. పోయిన ఏడాది వేరే చోట రూపాయిన్నర తక్కువకు వస్తున్నాయని కొన్నాను. చేతిలో పట్టుకుంటే నొక్కుకుపోయేంత పలచన. ఏప్రిల్ ఎండల్లో షెడ్డులో నాలుగు పెట్టెలు ఒకదానిమీద ఒకటి పెడితే అడుగు పెట్టెలోవి సొట్టపోయాయి, మూతుల దగ్గర నూనె కారింది. ఆ దెబ్బకు కొరియరువాళ్ళు మా పెట్టెలు తీసుకోవడమే మానేశారు. అందుకని రేటుతో పాటు ఒక్కో సీసా, ఒక్కో క్యాను ఎన్ని గ్రాములో తప్పకుండా రాయండి. రాసిన బరువుకూ వచ్చిన సరుకుకూ తేడా ఎంతవరకు ఉండొచ్చో కూడా చెప్పండి. గ్రాములు తగ్గించి రేటు తగ్గించొద్దు.

నింపిన లీటరు నూనె పైన కొంత ఖాళీ మిగలాలి. నూనె వేడికి ఉబ్బుతుంది. ఇరవై డిగ్రీలు పెరిగితే లీటరుకు పద్నాలుగు మిల్లీలీటర్ల దాకా లేస్తుంది. మా ఎండలు మీకు తెలియనివి కావు. కాబట్టి అంచు దాకా నింపితే సీసాలో ఎన్ని మిల్లీలీటర్లు పడతాయో తెలియాలి. 1,040కి తక్కువైతే మాకు పనికిరాదు.

వ్యాడ్ విషయంలోనూ ఒక మాట. మా దగ్గర చేత్తో పట్టుకునే ఇండక్షన్ సీలింగ్ మిషన్ ఉంది. పెట్ సీసాకు అతుక్కునే వ్యాడ్ హెచ్‌డీపీఈ క్యానుకు అతుక్కోదని తాడిపత్రి మిత్రుడు రెండు వందల క్యాన్లు పాడు చేసుకున్నాక తెలిసింది. సీసాలవి, క్యాన్లవి వేరువేరు సంచుల్లో పేరు రాసి పంపండి. మూతి కొలత మిల్లీమీటర్లలో కావాలి.

సీసాలు, క్యాన్లు రెండూ కొత్త గుళికలతో చేసినవే కావాలి, రీప్రాసెస్డ్ కలిపినవి వద్దు. పెట్‌కు ఐఎస్ 12252, హెచ్‌డీపీఈకి ఐఎస్ 10146 ప్రకారం ఫుడ్ గ్రేడ్ సర్టిఫికెట్, ల్యాబు మైగ్రేషన్ రిపోర్టు కాపీలు కొటేషన్‌తోనే జతచేయండి. ఫుడ్ సేఫ్టీవాళ్ళు వచ్చినప్పుడు మేము చూపించాల్సినవి అవే.

ముందుగా శాంపిళ్ళు. సీసాలు రెండు సైజుల్లోనూ ఇరవై నాలుగేసి, క్యాన్లు పన్నెండు, మూతలు, వ్యాడ్లతో సహా జూలై 18 లోపు రాప్తాడు చేరాలి. శాంపిళ్ళకూ కొరియరుకూ డబ్బు ఇస్తాం, ఎంతో చెప్పండి. ఆర్డరు ఖాయమైతే ఆ మొత్తాన్ని బిల్లులో తగ్గిస్తే సంతోషం. నూనె నింపి, సీలు వేసి, రెండు రోజులు పడుకోబెట్టి చూస్తాం. కొన్నిటిని నడుమెత్తు నుంచి కింద పడేస్తాం. మిగతావి రేకుల షెడ్డులో పెట్టెలు పేర్చి వారం ఉంచుతాం. రెండు సీసాలు లేబుల్ ప్రింటరుకు పోతాయి. జూలై 29 కల్లా అవునో కాదో చెప్పేస్తాం. నచ్చిన శాంపిల్ మీద ఇద్దరం సంతకం చేసి మీ దగ్గరొకటి, మా దగ్గరొకటి ఉంచుకుందాం. వచ్చే సరుకును దానితోనే పోల్చి చూస్తాం.

సరుకు మూడు విడతల్లో కావాలి. ఒకేసారి దించుకోవడానికి మాకు గోడౌన్ లేదు. వినాయక చవితి సెప్టెంబరు 14న కాబట్టి మొదటి విడత, అంటే మొత్తంలో పావు వంతు, ఆగస్టు 20 లోపు రావాలి. దసరా, దీపావళి అమ్మకాలే మాకు ఏడాది అమ్మకాల్లో పెద్దవి. అందుకని సగం సరుకు, అంటే లీటరువి 16,000, అర లీటరువి 4,000, క్యాన్లు 2,800, సెప్టెంబరు 24 కల్లా దిగాలి. ఈ తేదీని మాత్రం జరపడానికి వీల్లేదు. దసరా అక్టోబరు 20న. ఆయుధపూజ దగ్గరపడితే లారీలు దొరకవు, మీ దగ్గర పనివాళ్ళూ ఊళ్ళకు పోతారు. మిగిలిన పావు వంతు నవంబరు 20కి వస్తే సంక్రాంతి దాకా సరిపోతుంది. రెండో విడత ఆలస్యమైతే రోజుకు ఎంత తగ్గిస్తారో మీరే ప్రతిపాదించండి.

దింపే చోటు రాప్తాడు ఒక్కటే. 44వ నంబరు జాతీయ రహదారి పక్కనే, పెద్ద బండి నేరుగా షెడ్డు దాకా వస్తుంది. అక్కడి నుంచి మేమే పంచుకుంటాం. ఖాళీ సీసాలకు కిరాయి కట్టడమంటే గాలికి కిరాయి కట్టినట్టే. కాబట్టి ఒక బండిలో ఏ సైజువి ఎన్ని పడతాయో లెక్కేసి, ఫ్యాక్టరీ దగ్గర రేటు, రాప్తాడు చేర్చిన రేటు రెండూ ఇవ్వండి. బండి తెలంగాణ నుంచి వస్తుంది కాబట్టి ఈ-వే బిల్లు మీరే తీయాలి.

రేటు జీఎస్టీ కలపకుండా, పన్ను విడిగా చూపించండి. ఒక్క విడత మాత్రమే కొంటే ఎంత, మూడు విడతలూ కొంటే ఎంత, ఏడాదికి దీనికి రెట్టింపు తీసుకుంటామంటే ఎంత, ఈ మూడూ తెలిస్తే మా నలుగురం కూర్చుని తేల్చుకోగలం. గుళికల ధర పెరిగిందని మధ్యలో రేటు మార్చకుండా నవంబరు చివరి దాకా నిలబెడతారా? కుదరదంటే ఎంత శాతం దాటితే మారుస్తారో ఇప్పుడే రాయండి. బిల్లులు మాత్రం నలుగురి పేర్లతో, నలుగురి జీఎస్టీ నంబర్లతో విడివిడిగా కావాలి. లేకపోతే మిగతా ముగ్గురికి ఇన్‌పుట్ క్రెడిట్ రాదు.

డబ్బు సంగతి. ప్రతి విడతకూ ముప్పై శాతం అడ్వాన్సు, లోడింగుకు ముందు అరవై, లెక్కపెట్టి చూసుకున్న మూడు రోజుల్లో మిగతా పది. మీ పద్ధతి వేరైతే చెప్పండి, మాట్లాడుకుందాం. పగిలినవి, కారేవి, బరువు తక్కువవి వస్తే తర్వాతి విడతలో కలిపి ఇస్తారా, డబ్బు తగ్గిస్తారా అన్నది కూడా కొటేషన్‌లో ఉండాలి.

జూలై 13 సోమవారం సాయంత్రానికి మీ కొటేషన్ అందితే శాంపిళ్ళకు టైము సరిపోతుంది. ఈ ఉత్తరం వచ్చిన వాట్సాప్ నంబరుకే పంపండి. పొద్దున పదకొండు దాకా గానుగల దగ్గర ఉంటాను, ఆ శబ్దంలో ఫోన్ వినపడదు. ఆ తర్వాత ఎప్పుడైనా చేయండి.

ఇట్లు,
రామాంజనేయులు
(నలుగురు గానుగ యజమానుల తరఫున)