నాన్నకి కొత్త చూర్ణం గానీ కషాయం గానీ ఇచ్చే ముందు చూసుకోవాల్సినవి

ఇది ఫ్రిజ్ తలుపు మీద అంటించాను. చెల్లీ, తమ్ముడూ, మీకు ఫోన్లో పంపుతున్నాను. సంక్రాంతికి కాకరకాయ రసం సంగతి గుర్తుంది కదా. పరగడుపున గ్లాసుడు తాగి, అలవాటు ప్రకారం షుగర్ బిళ్ల గ్లిమెపిరైడ్ కూడా వేసుకున్నారు. టిఫిన్ ఆలస్యమైంది. దేవుడి గది గడప దగ్గరే చెమటలు పట్టి కూలబడ్డారు. షుగర్ మీటర్లో 54. ఆ రసం తీసి ఇచ్చింది నేనే.

☐ డబ్బాలన్నీ బల్ల మీద పెట్టామా? చీటీలో ఉన్నవి తొమ్మిది: తెల్లవారగానే థైరాయిడ్ బిళ్ల, తర్వాత పాంటోప్రజోల్, గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మిసార్టన్, ఆమ్లోడిపిన్, స్టెంట్ కోసం ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, రాత్రికి అటోర్వాస్టాటిన్. చీటీలో లేనివీ లెక్కలోకి రావాలి. దిండు కింద దాచుకునే నొప్పి బిళ్లలు, మలబద్ధకానికి ఇసబ్గోల్, త్రిఫల. "అవి మందులు కావమ్మా" అంటారు, వినకండి.

☐ అసలు ఎందుకు ఇస్తున్నాం? కాళ్ల వాపు తగ్గాలని పునర్నవ అన్నారు పక్కింటివాళ్లు. ఆమ్లోడిపిన్ వల్ల కూడా కాళ్లు వాస్తాయి. ముందు డాక్టరుగారికి ఆ వాపు చూపించాలి.

☐ ఆయన మందులతో ఇది పోట్లాడుతుందా? అన్నిటికంటే ఇక్కడే జాగ్రత్త.

కాకర రసం, మెంతి పొడి, పొడపత్రి: షుగర్ మాత్రలతో కలిసి షుగర్‌ని మరీ దించేస్తాయి. కూరలో కాకరకాయకి, పోపులో మెంతులకి భయపడక్కర్లేదు.

పసుపు క్యాప్సూళ్లు, వెల్లుల్లి క్యాప్సూళ్లు, అల్లం సారం: రక్తం పలచబడటానికి ఇప్పటికే రెండు మందులున్నాయి. ఇవీ తోడైతే చిగుళ్ల నుంచి రక్తం రావచ్చు, చర్మం మీద నల్లని మచ్చలు పడొచ్చు, మలం నల్లగా రావచ్చు. చారులో వెల్లుల్లి వేరు, క్యాప్సూల్ వేరు.

అతిమధురం: దగ్గు కషాయాల్లో తరచూ ఉంటుంది. బీపీ పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. నాన్నకి వద్దు.

అశ్వగంధ: థైరాయిడ్ లెక్కలు మార్చగలదు, మగత తెస్తుంది. రాత్రి బాత్రూముకి లేచి పడితే?

తిప్పతీగ: కోవిడ్ రోజుల్లో మనమంతా తాగాం. దాంతో కాలేయం దెబ్బతిన్నవాళ్ల గురించి మన దేశ వైద్యులే రాశారు.

ఇసబ్గోల్: ఇవ్వొచ్చు, కానీ బిళ్లలకీ దానికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. థైరాయిడ్ బిళ్లకైతే ఇంకా ఎక్కువ. నీళ్లు బాగా తాగించాలి.

☐ డబ్బా మీద ఏముంది? తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్, గడువు తేదీ, ఏ మూలిక ఎంత అన్నది ఉండాలి. "రహస్య మూలికలు" అని రాసుంటే అక్కడితో ఆపేయండి. భస్మాలు అసలొద్దు. 2008లో అమెరికాలో ఇంటర్నెట్‌లో అమ్మే ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే దాదాపు ఐదింట ఒకదానిలో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ దొరికింది.

☐ రెండు రోజుల్లోనే అద్భుతంగా తగ్గిందా? అప్పుడే అనుమానించాలి. పేరులేని మోకాళ్ల పొడుల్లో స్టెరాయిడ్ కలిపి అమ్మడం కొత్తేమీ కాదు. ఆకలి, షుగర్ పెరుగుతాయి, ముఖం గుండ్రంగా ఉబ్బుతుంది. వారాల తరబడి వాడి ఉంటే మనంతట మనం హఠాత్తుగా ఆపకూడదు, డాక్టరుగారికి చెప్పే ఆపాలి.

☐ ఇద్దరికీ చెప్పామా? ఆయుర్వేద వైద్యుడికి తొమ్మిది మందుల చీటీ చూపించాలి. గుండె డాక్టరుగారికి చూర్ణం డబ్బా చూపించాలి. "తిడతారేమో" అని దాచొద్దు. వచ్చే నెల కంటి ఆపరేషన్ ఉంది కాబట్టి, అక్కడా ఇప్పుడే చెప్పాలి. సాధారణంగా ఆపరేషన్‌కి రెండు వారాల ముందే మూలికలు ఆపమంటారు.

☐ ఒక్కసారికి ఒక్కటే. ఇవ్వమని డాక్టరు చెప్పాక, మొదలుపెట్టిన తేదీ క్యాలెండర్లో రాయాలి. రెండు వారాలు షుగర్, బీపీ నోట్‌బుక్‌లో ఎక్కించాలి. రెండు కలిపి మొదలుపెడితే ఏది ఏం చేసిందో తెలియదు. మూలిక నచ్చిందని ఉన్న బిళ్ల మానేయడం మాత్రం కుదరదు, ముఖ్యంగా స్టెంట్ బిళ్లలు.

తేడా కనిపిస్తే: కళ్లు పచ్చబడినా, నల్ల మలం వచ్చినా, మాట తడబడినా కొత్తది ఆపి వెంటనే ఆసుపత్రికి, డబ్బాతో సహా. షుగర్ 70 కంటే తక్కువుంటే, మెలకువగా ఉంటే ముందు మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి ఇచ్చి, పావుగంటకి మళ్లీ చూడాలి. మెలకువ లేకపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి. మందుల దుష్ప్రభావాలు చెప్పుకోవడానికి పని రోజుల్లో 1800-180-3024 ఉంది, ఖర్చు లేదు.

అత్తయ్య తెచ్చిన మోకాళ్ల పొడి సీసా పై అరలో ఉంది, లేబుల్ లేదు. మీద "ఇవ్వొద్దు" అని స్కెచ్‌తో రాశాను. పారేయకండి, గురువారం డాక్టరుగారికి చూపించాలి. అత్తయ్య అడిగితే నేను మాట్లాడతాను.