కందుకూరి జయంతి రోజు ప్రార్థనలో ప్రసంగం

పెద్దసారుకు, సార్లకు, మేడమ్‌లకు నమస్కారం. పిల్లలూ, ఎండ ఎక్కకముందే ముగిస్తాను, వినండి.

ఇవాళ ఏప్రిల్ 16. 1848లో ఇదే రోజున రాజమహేంద్రవరంలో కందుకూరి వీరేశలింగం పంతులుగారు పుట్టారు. ఆ రోజుల్లో ఏడెనిమిదేండ్లకే ఆడపిల్లకు పెండ్లి చేసేవాళ్లు. డబ్బు తీసుకొని ముసలివాళ్లకు కట్టబెట్టేవాళ్లూ ఉన్నారు. మొగుడు చచ్చిపోతే ఆ పిల్ల విధవ. మూడో తరగతి చదివే మీ చెల్లెను ఒకసారి తలుచుకోండి. అంత పిల్లకు బొట్టు తీసేసి, గాజులు పగలగొట్టి మూలన కూర్చోబెట్టేవాళ్లు. వితంతువులు మళ్లీ పెండ్లి చేసుకోవచ్చని 1856లోనే చట్టం వచ్చింది, కానీ ఊరు ఒప్పుకోలేదు.

పంతులుగారు 1874లో ధవళేశ్వరంలో ఆడపిల్లలకు బడి పెట్టారు. ముసలాయన చిన్నపిల్లను చేసుకోవడాన్ని ఎగతాళి చేస్తూ ‘బ్రహ్మవివాహం’ నాటకం రాశారు. 1881 డిసెంబర్ 11న బాలవితంతువు గౌరమ్మకు గోగులపాటి శ్రీరాములుతో పెండ్లి చేశారు. ఊరు వెలివేసింది. వంటవాళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లూ రాలేదు. పంతులుగారి భార్య రాజ్యలక్ష్మమ్మ గోదావరి నుంచి తానే నీళ్లు మోసి, వండి పెట్టింది. పంతులుగారి పేరు చెప్పినప్పుడల్లా ఆ బిందె మోసిన తల్లినీ తలుచుకోవాలి.

1929లో శారదా చట్టం అమ్మాయి పెండ్లికి కనీసం 14 ఏండ్లుండాలని పెట్టింది. ఇప్పుడు అమ్మాయికి 18, అబ్బాయికి 21. అయినా మన కోస్గి, మద్దూరు వైపు పుణె, ముంబై పనికి పోయే తల్లిదండ్రులు ‘పిల్లను ఎవరి దగ్గర వదలాలె’ అని భయపడి లగ్గం ఖాయం చేస్తున్నారు. ఆ భయం నిజమే. దానికి మందు హాస్టల్ సీటు, పెండ్లి కాదు. మీ అమ్మానాయనలను బడికి తీసుకురండి, కేజీబీవీ, గురుకులం దరఖాస్తు మేము నింపిస్తాం. కల్యాణలక్ష్మి డబ్బు కూడా 18 నిండితేనే వస్తుందని ఇంట్లో చెప్పండి.

ఎక్కువగా జరిగే తప్పు ఆలస్యం. తాళి కట్టే పొద్దున చెబితే ఆఫీసర్లు వచ్చేసరికి పెండ్లి అయిపోతుంది. పూలు పండ్లు మార్చుకున్నారని తెలిసిన రోజే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. డబ్బు పడదు, మీ పేరు చెప్పకపోయినా ఫర్వాలేదు. అమ్మాయి పేరు, ఏ తరగతి, ఊరు, ఇంటి గుర్తు, లగ్గం తేదీ చెప్పాలి. ఊరి పేరొక్కటే చెబితే ఇల్లు దొరకదు. ముందే తెలిస్తే మేజిస్ట్రేటు ఆ పెండ్లిని ఆపమని ఉత్తర్వు ఇవ్వొచ్చు. దాన్ని కాదని చేసిన పెండ్లి చెల్లదు. చేయించినవాళ్లకు రెండేండ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా. ఇప్పటికే పెండ్లి అయిపోయిన అమ్మాయి కూడా 20 ఏండ్లు నిండేలోపు కోర్టులో దాన్ని రద్దు చేయించుకోవచ్చు.

పదో తరగతి పరీక్షలు రాసిన అక్కల ఇండ్లలోనే ఈ వేసవిలో లగ్గాల మాట నడుస్తది. సెలవుల్లో బడికి తాళం ఉంటుంది, 1098 మాత్రం నడిరాత్రి చేసినా పలుకుతుంది. నంబరు నోటుబుక్కు వెనక అట్ట మీద రాసుకొని క్లాసులకు పోండి.