ఆటో అన్నకి థాంక్స్: రాసింది, వాయిస్‌లో చెప్పింది

ముందు ఇలా రాసుకున్నాను:

"అన్నగారికి నమస్కారం. మా నాన్నగారు డెంగీతో ఆస్పత్రిలో ఉండి, ప్లేట్‌లెట్లు 14 వేలకు పడిపోయిన పరిస్థితిలో, మీ విలువైన సమయాన్ని వెచ్చించి ప్లేట్‌లెట్లు దానం చేసినందుకు మా కుటుంబం తరఫున హృదయపూర్వక కృతజ్ఞతలు. ఆ రోజు సంపాదనను సైతం వదులుకుని, ఎలాంటి ప్రతిఫలం ఆశించకుండా మీరు చేసిన సహాయం మరువలేనిది. మీ అమ్మాయి చదువు విషయంలో నా వంతు సహకారం అందించగలనని తెలియజేస్తున్నాను. ప్రస్తుతం నాన్నగారి ఆరోగ్యం నిలకడగా ఉంది. మీ కుటుంబం ఆయురారోగ్యాలతో ఉండాలని కోరుకుంటున్నాము."

అన్న రోజంతా బండి మీదే ఉంటారు, చదవడం కన్నా వినడమే ఆయనకి వీలు, తను కూడా నాకు ఎప్పుడూ వాయిసే పెడతారు. పైగా ఆయన ముందు అడిగేది నాన్న ఎలా ఉన్నారని, నేనేమో దాన్ని చివర్లో రాశాను. అందుకని నోటితో ఇలా చెప్పి పంపాను:

"హలో అన్నా, నేను, రామంతాపూర్ టీచర్‌ని. బండి నడుపుతూ ఉంటే ఇప్పుడు వినకండి, ఎక్కడైనా పక్కన ఆపుకుని వినండి, తొందరేం లేదు.

నాన్న ఇంటికొచ్చేశారన్నా. నిన్న సాయంత్రం తీసుకొచ్చాం. జ్వరం లేదు, ప్లేట్‌లెట్లు లక్ష దాటాయి. అన్నం ఇంకా సరిగా తినట్లేదు గానీ పొద్దున్నే లేచి పేపరేదీ అని అడిగారు, అంటే ఇక మనిషి మామూలయినట్టే. ముందు మీకే చెప్పాలనిపించింది, ఎందుకంటే రోజూ ఫోన్ చేసి కౌంట్ ఎంతుందక్కా అని అడిగింది మీరే.

ఆ రోజు నాకైతే చేతులూ కాళ్లూ ఆడలేదన్నా. చిగుళ్లలోంచి రక్తం ఆగట్లేదు, ఎక్కించాల్సిందే, సింగిల్ డోనర్ ప్లేట్‌లెట్లయితే మంచిది, ఒక్క మనిషి దగ్గరే సరిపడా వస్తాయి అని డాక్టర్ చెబుతుంటే, నేను ఫోన్ పట్టుకుని ఓ పాజిటివ్ కావాలని గ్రూపులన్నింట్లో పెడుతూ కూర్చున్నాను. మీరేమో స్కూల్ పిల్లల్ని దింపి, తార్నాక నుంచి అటే వచ్చేశారు. నాది కూడా ఓ పాజిటివే కదక్కా, ఇంకెవర్ని వెతుకుతారు అన్నారు చూడండి, ఆ మాట ఇంకా నా చెవిలోనే ఉంది.

ముందు ఆ టెస్టులకే బోలెడంత సేపు, తర్వాత మిషన్ దగ్గర దాదాపు రెండు గంటలు. రక్తం తీసి, ప్లేట్‌లెట్లు పక్కకి తీసి, మిగతాది మళ్లీ మీకే ఎక్కిస్తున్నారు, మధ్యలో మీరు పెదాలు తిమ్మిరెక్కుతున్నాయనేసరికి నాకు భయమేసింది. రక్తం గడ్డకట్టకుండా కలిపే మందుకి అలా అవుతుందమ్మా అని సిస్టర్ చెప్పి, మీకు కాల్షియం మాత్ర ఇచ్చాక గానీ నా ప్రాణం కుదుటపడలేదు. మధ్యాహ్నం పిల్లల్ని తీసుకురావడానికి ఇంకో అన్నని పంపారు, ఆ రోజు గిరాకీ అంతా పోయింది. నాకు తెలుసన్నా.

డబ్బు మాటెత్తితే మీకు కోపమొచ్చింది, మళ్లీ ఎత్తను. కానీ ఒకటి అడుగుతా, కాదనొద్దు. పాప ఈసారి పదో తరగతి కదా, లెక్కలంటే టెన్షన్ పడుతోందని మీరే అన్నారు. నేను స్కూల్లో చెప్పేది లెక్కలే. సోమవారం నుంచి సాయంత్రం ఆరింటికి మా ఇంటికి పంపండి, పబ్లిక్ పరీక్షలు అయ్యేదాకా. మీ రుణం తీర్చుకుందామని కాదు, అది తీరేదీ కాదు. పాప దగ్గర కూర్చుని చెప్పడం నాకిష్టం, అంతే.

ఇంకోటన్నా, మళ్లీ ఎవరికైనా కావాలంటే 48 గంటలు దాటితే ఇవ్వొచ్చని బ్లడ్ బ్యాంకులో అన్నారు గానీ, మీరు వెంటనే పరిగెత్తకండి, నాలుగు రోజులు బాగా తిని, నిద్రపోండి.

ఆగండాగండి, నాన్న ఫోన్ ఇమ్మంటున్నారు... ఇదిగో నాన్నా, మాట్లాడు.

బాబూ... బాగున్నానయ్యా. ఇంకా కొంచెం నీరసం, గొంతు లేవట్లేదు. ఆదివారం ఇంటిల్లిపాదీ రండి, కలిసి భోంచేద్దాం. నిన్ను చూడాలని ఉంది.

విన్నారుగా అన్నా, ఆదివారం మధ్యాహ్నం. వదినని, పాపని తీసుకురండి. పాపని ఆ లెక్కల పుస్తకం, పోయినేడాది నోట్సు కూడా తెచ్చుకోమనండి, ఎక్కడ ఆగిపోతోందో ఓసారి చూస్తాను. చాలా థాంక్సన్నా. ఉంటాను."