మా బుజ్జమ్మ మొదటి పుట్టినరోజు విందు

అనంతపురం, ఆదివారం మధ్యాహ్నం 12 గంటలకు

పిల్లలకు (మొదటి వడ్డన వీళ్లకే): మెత్తటి పెసరపప్పు కిచిడీ, ఉప్పు నామమాత్రం. నెయ్యి ఇడ్లీ. ఉడికించి మెదిపిన క్యారెట్. మాగిన అరటిపండు. ద్రాక్షపండ్లు నిలువుగా నాలుగు చీలికలు చేసే పెడతాం. ఏడాది నిండని పసివాళ్లూ వస్తున్నారు కాబట్టి తేనె దేంట్లోనూ వేయలేదు.

అవ్వాతాతలకు: వేడి వేడి రాగి సంగటి, బచ్చలికూర పప్పు, పాలు పోసి వండిన సొరకాయ కూర, పెరుగన్నం (తాలింపులో మిరపకాయలు లేవు).

అందరికీ: ఓళిగలు. పూర్ణం రెండుసార్లు రుబ్బించాం, పలుకు తగలదు. పళ్లు లేనివాళ్లు ముంచుకు తినడానికి పక్కనే గోరువెచ్చని పాలు, నెయ్యి. సేమియా పాయసం. గుడ్డు లేని కేకు.

కారం లేనిదే ముద్ద దిగని మామయ్యలకు శెనక్కాయల ఊరిబిండి వేరే గిన్నెలో, పిల్లలకు అందనంత ఎత్తులో!