హియరింగ్ బ్రీఫ్: వినీతా శర్మ వర్సెస్ రాకేశ్ శర్మ, (2020) 9 ఎస్‌సీసీ 1

సీనియర్ గారి పరిశీలనకు. విజయనగరం ప్రిన్సిపల్ సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో రేపు వాదనకు వచ్చే, ప్రాథమిక డిక్రీ సవరణ కోరే మన ఐ.ఏ. కోసం. మనం వాదులైన ఇద్దరు కుమార్తెల తరఫున ఉన్నాము.

మన కేసు

చీపురుపల్లి మండలంలోని 8 ఎకరాల 40 సెంట్ల ఉమ్మడి భూమికి సంబంధించిన దావా ఇది. తల్లి 1996లో, తండ్రి వీలునామా లేకుండా 2001లో మరణించారు. దావా 2003లో వేశారు. జూన్ 2004లో వచ్చిన ప్రాథమిక డిక్రీ, తండ్రి మరణానికి ముందురోజు ఊహాత్మక విభజన జరిగినట్టు భావించి, కుమారులకు చెరి 5/12, కుమార్తెలకు చెరి 1/12 వంతు నిర్ణయించింది. తుది డిక్రీ ఇంకా రాలేదు. 1/12 అంటే 70 సెంట్లు. కుమార్తెలు కూడా జన్మతః దాయాదులైతే నలుగురికీ సమానంగా 1/4 చొప్పున, అంటే 2 ఎకరాల 10 సెంట్లు వస్తుంది.

తీర్పు నేపథ్యం, వివాదాంశాలు

జస్టిస్ అరుణ్ మిశ్రా, జస్టిస్ అబ్దుల్ నజీర్, జస్టిస్ ఎం.ఆర్. షా ధర్మాసనం 11 ఆగస్టు 2020న ఈ తీర్పు ఇచ్చింది. ప్రకాశ్ వర్సెస్ ఫూలవతి (2016) కేసులో, హిందూ వారసత్వ చట్ట సవరణ అమల్లోకి వచ్చిన 9 సెప్టెంబరు 2005 నాటికి తండ్రి జీవించి ఉండాలన్నారు. దానమ్మ వర్సెస్ అమర్ (2018)లో మాత్రం 2001లోనే తండ్రి మరణించినా కుమార్తెలకు వాటా ఇచ్చారు. రెండూ ఇద్దరు న్యాయమూర్తుల తీర్పులు కావడంతో విషయం విస్తృత ధర్మాసనానికి వెళ్లింది. అక్కడ తేల్చినవాటిలో మనకు పనికివచ్చేవి మూడు: తండ్రి జీవించి ఉండాలా, ఊహాత్మక విభజన నిజమైన విభజన అవుతుందా, ప్రాథమిక డిక్రీ వచ్చాక కుమార్తె వాటా పెంచవచ్చా.

రేషియో

హిందూ వారసత్వ చట్టం సవరించిన 6వ సెక్షన్ కుమార్తెకు కుమారునితో సమానంగా జన్మతః హక్కు ఇస్తుంది. అది అప్రతిబంధ దాయం కాబట్టి, 9 సెప్టెంబరు 2005న తండ్రి జీవించి ఉన్నాడా లేదా అన్న ప్రశ్నతో దానికి నిమిత్తం లేదు. పాత సెక్షన్ ప్రొవైజోలోని ఊహాత్మక విభజన మరణించిన వ్యక్తి వాటాను లెక్కించడానికి మాత్రమే ఏర్పడిన చట్టకల్పన. దానివల్ల ఉమ్మడి ఆస్తి వాస్తవంగా విడిపోదు. అందువల్ల తుది డిక్రీకి ముందు చట్టం మారితే మారిన చట్టం ప్రకారమే వాటాలు ఖరారు చేయాలి.

రేపటి వాదన ఇక్కడే నిలబడుతుంది లేదా పడిపోతుంది. మన ప్రాథమిక డిక్రీ 20 డిసెంబరు 2004కు ముందుది కాబట్టి 6(5) కింద అది రక్షిత విభజన అని ప్రతివాదులు తప్పక అంటారు. ప్రాథమిక డిక్రీ వాటాలను ప్రకటిస్తుందే తప్ప విభజనను పూర్తి చేయదు. 6(5) వివరణలోని కోర్టు డిక్రీకి అది సరిపోదన్నదే మన జవాబు.

నోటిమాట విభజన గురించి తీర్పు కఠినంగా ఉంది. కేవలం మౌఖిక సాక్ష్యంతో అలాంటి వాదనను అంగీకరించరాదు. పబ్లిక్ డాక్యుమెంట్ల మద్దతుతో, కోర్టు డిక్రీ ద్వారా జరిగినంత స్పష్టంగా విభజన రుజువైన అసాధారణ సందర్భాల్లోనే ఒప్పుకోవచ్చు. 1998లో పెద్దల సమక్షంలో పంచుకున్నామని ప్రతివాదులు కౌంటరులో మొదటిసారి చెబుతున్నారు. చూపేవి విడివిడి పట్టాదారు పాస్ పుస్తకాలే. పైగా 2004 డిక్రీ ఆస్తిని ఉమ్మడిగానే పరిగణించగా వారు అప్పీలు చేయలేదు. ఈ వైరుధ్యాన్ని గట్టిగా పట్టుకోవాలని నా మనవి.

ఆధారపడిన తీర్పులు

గండూరి కోటేశ్వరమ్మ వర్సెస్ చాకిరి యానాది (2011) 9 ఎస్‌సీసీ 788 మనకు అతి దగ్గరిది. అందులో ప్రాథమిక డిక్రీ 1999 నాటిది. 2005 సవరణ తరువాత కుమార్తెలకు అనుగుణంగా దాన్ని సవరించడం సరైనదేనని సుప్రీంకోర్టు నిర్ధారించింది. ఎస్. సాయిరెడ్డి (1991) 3 ఎస్‌సీసీ 647 మన రాష్ట్ర 29-ఎ సవరణపై ఇదే సూత్రం చెప్పింది. ఒకటికి మించి ప్రాథమిక డిక్రీలు ఇవ్వవచ్చన్నందుకు ఫూల్‌చంద్ వర్సెస్ గోపాల్‌లాల్ (1967) ఉంది.

ఫూలవతి, మంగమ్మాళ్ తీర్పులు రద్దయ్యాయి. దానమ్మ పాక్షికంగా రద్దయింది. ఫలితం మనకు అనుకూలంగా కనిపించినా దానమ్మను ఉదహరించవద్దని నా అభిప్రాయం.

జాగ్రత్తలు

పెద్ద కుమార్తె వివాహం 1982లో, చిన్నామెది 1990లో జరిగాయి. 5 సెప్టెంబరు 1985 నాటికి అవివాహిత కాబట్టి 29-ఎ కింద చిన్నామెకు హక్కు అప్పుడే ఉంది, కానీ దావాలో అడగలేదు. ఆ మార్గం పట్టుకుంటే అప్పీలు ఎందుకు చేయలేదన్న ప్రశ్న వస్తుంది, అక్కాచెల్లెళ్ల వాదనలు వేరుపడతాయి. కనుక ఇద్దరికీ 2005 చట్టమే ఆధారంగా నిలవడం మేలు.

1వ ప్రతివాది 2002లో రిజిస్టర్డ్ దస్తావేజుతో అమ్మిన 60 సెంట్లు పై విస్తీర్ణంలో లేవు. 6(1) ప్రొవైజో 20 డిసెంబరు 2004కు ముందు జరిగిన విక్రయాలను రక్షిస్తుంది కనుక దాని జోలికి వెళ్లవద్దు.

పెండింగు కేసులను వీలైనంతవరకు ఆరు నెలల్లో తేల్చాలని తీర్పు కోరింది. వాయిదా అడిగితే ఆ పేరా చదివి వినిపించడానికి ఫ్లాగ్ పెట్టాను.